బ్యాంకులో డబ్బు పెరిగినా సొసైటీకి లోటు ఎలా వస్తుంది: వసూళ్లు-చెల్లింపుల ఖాతా నుంచి ఆదాయ-వ్యయాల ఖాతా తయారుచేసే పద్ధతి

ఇరవై ఫ్లాట్ల సొసైటీ ఒకటి ఉందనుకుందాం. ఏడాది మొదట నగదు, బ్యాంకు కలిపి 1,20,000 రూపాయలు ఉన్నాయి. ఏడాది చివరికి 1,51,000 అయ్యాయి. సర్వసభ్య సమావేశంలో కోశాధికారి ఈ రెండు అంకెలూ చదవగానే ఎవరో ఒకరు లేచి, "31 వేలు మిగిలాయి కదండీ, వచ్చే ఏడాది మెయింటెనెన్స్ కాస్త తగ్గించొచ్చుగా?" అంటారు. ఆ మాటకు చాలామంది తలూపుతారు కూడా.

నిజానికి ఆ ఏడాది ఆ సొసైటీకి 22,500 రూపాయల లోటు వచ్చింది. డబ్బు పెరిగిందన్నదీ నిజమే, లోటు వచ్చిందన్నదీ నిజమే. మొదటి అంకెను వసూళ్లు-చెల్లింపుల ఖాతా చెబుతుంది, రెండోదాన్ని ఆదాయ-వ్యయాల ఖాతా చెబుతుంది. మొదటి ఖాతా నుంచి రెండోదాన్ని ఎలా తయారుచేయాలో, అది సరిగ్గా వచ్చిందని ఎలా తేల్చుకోవాలో ఈ సొసైటీ లెక్కతోనే చూద్దాం.

## రెండు ఖాతాలు అడిగే ప్రశ్నలు వేరు

వసూళ్లు-చెల్లింపుల ఖాతా అంటే నగదు పుస్తకాన్ని పద్దులవారీగా కూడి ఒక పేజీకి కుదించినదే. ఏడాదిలో ఎంత చేతికి వచ్చింది, ఎంత చేయి దాటింది, చివరికి ఎంత ఉంది అన్నదే దాని ప్రశ్న. వచ్చిన డబ్బు పోయినేడాది బకాయా, వచ్చే ఏడాది అడ్వాన్సా అని అది పట్టించుకోదు. కరెంటు బిల్లు కట్టినా, పంపు కొన్నా, ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినా దాని దృష్టిలో అన్నీ చెల్లింపులే.

ఆదాయ-వ్యయాల ఖాతా ప్రశ్న వేరు. ఈ ఏడాది సేవలకు ఈ ఏడాది రావలసిన ఆదాయం ఎంత, ఆ సేవలకు అయిన ఖర్చు ఎంత? డబ్బు చేతులు మారిందా లేదా అన్నది దానికి ముఖ్యం కాదు. వ్యాపార సంస్థ లాభనష్టాల ఖాతాకు ఇది సాటి. కాకపోతే లాభం, నష్టం అనకుండా మిగులు, లోటు అంటాం.

రాసే పక్క కూడా మారుతుంది. వసూళ్లు-చెల్లింపుల ఖాతాలో వచ్చినవి ఎడమవైపు, పోయినవి కుడివైపు రాస్తాం. ఆదాయ-వ్యయాల ఖాతాలో వ్యయాలు ఎడమకు, ఆదాయాలు కుడికి వస్తాయి. కొత్తగా లెక్కలు చేపట్టినవాళ్లు తడబడేది ఇక్కడే. నిలువు పట్టికలా, పైన ఆదాయం, కింద వ్యయం రాసుకుంటే ఆ గొడవే ఉండదు. సభ్యులకు చదవడానికీ అదే తేలిక.

## ముందు నగదు లెక్క

నగదు పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకున్నాకే ఈ పని మొదలుపెట్టాలి. ఇచ్చినా ఇంకా బ్యాంకులో పాస్ కాని చెక్కులు, బ్యాంకు నేరుగా జమచేసిన వడ్డీ, కోసుకున్న చార్జీలు చూసుకోవాలి. చేతిలోని నగదును బ్యాంకులో వేసినా, బ్యాంకు నుంచి తీసి చేతి ఖర్చులకు ఉంచుకున్నా అది వసూలూ కాదు, చెల్లింపూ కాదు. దాన్ని రెండు వైపులా కూడితే ఖాతా పెద్దగా కనిపిస్తుంది తప్ప నిజం కనిపించదు.

మన సొసైటీ ఖాతా ఇలా తేలింది.

| వసూళ్లు | రూ. | చెల్లింపులు | రూ. |
|---|---|---|---|
| ప్రారంభ నిల్వ | 1,20,000 | కాపలా, శుభ్రత సిబ్బంది జీతాలు | 3,57,000 |
| మెయింటెనెన్స్ | 6,10,000 | ఉమ్మడి కరెంటు | 1,08,000 |
| పెద్ద మరమ్మతుల నిధి | 2,00,000 | భవన బీమా | 24,000 |
| హాలు అద్దె | 24,000 | లిఫ్ట్ నిర్వహణ | 60,000 |
| పొదుపు ఖాతా వడ్డీ | 6,000 | కొత్త నీళ్ల పంపు | 80,000 |
| తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్ | 20,000 | ఫిక్స్‌డ్ డిపాజిట్ | 2,00,000 |
| | | ముగింపు నిల్వ | 1,51,000 |
| మొత్తం | 9,80,000 | మొత్తం | 9,80,000 |

ఈ పట్టికతోపాటు ఇంకో కాగితం కావాలి. ఏడాది మొదటి రోజున, చివరి రోజున ఎవరు మనకు ఎంత బాకీ, మనం ఎవరికి ఎంత బాకీ, ముందుగా వచ్చినవేమిటి, ముందుగా కట్టినవేమిటి అన్న జాబితా. ఇది నగదు పుస్తకంలో దొరకదు. అందుకే ప్రతి రసీదు మీదా, ప్రతి ఓచర్ మీదా "ఏ నెలకు" అని ఒక గడి పెట్టుకుని రాస్తూ పోవాలి. ఆ గడి ఖాళీగా వదిలేసిన సొసైటీల్లో ఏడాది చివర కోశాధికారికి పట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఒక్కో ఫ్లాటువాళ్లనూ అడుగుతూ తిరగాల్సి వస్తుంది.

## మొదటి అడుగు: ఆదాయమూ ఖర్చూ కానివాటిని తీసేయడం

పట్టికలో ముందుగా ప్రారంభ, ముగింపు నిల్వలను కొట్టేయండి. అవి ఆదాయ-వ్యయాల ఖాతాలోకి రావు. తర్వాత మిగిలిన ప్రతి పద్దునూ, "ఇది ఈ ఏడాదితో అయిపోయేదేనా?" అని అడగండి.

80 వేల పంపు ఈ ఏడాదితో అయిపోదు. అది ఆస్తి, మూలధన వ్యయం. 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ అసలు ఖర్చే కాదు, డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారింది, అంతే. ఈ రెండూ బ్యాలెన్స్ షీట్‌కు వెళ్తాయి.

వసూళ్ల వైపు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఇంటి మార్పులు చేయించుకునే సభ్యుడు కట్టిన 20 వేల డిపాజిట్ పని అయ్యాక తిరిగి ఇవ్వాల్సిందే. అది మన అప్పు. పెద్ద మరమ్మతుల నిధికి ఫ్లాటుకు 10 వేల చొప్పున వచ్చిన 2 లక్షలు కూడా ఈ ఏడాది ఆదాయం కాదు. సభ్యులు ఆ డబ్బు రోజువారీ ఖర్చులకు ఇవ్వలేదు. మున్ముందు రంగులు వేయించడానికో, లిఫ్ట్ మార్చడానికో ఇచ్చారు. దాన్ని విడిగా నిధిగా చూపాలి. ఆ పని జరిగిన రోజున ఖర్చును కూడా ఆ నిధిలోంచే తగ్గించాలి.

ఈ 2 లక్షలను పొరపాటున ఆదాయంలో కలిపితే మన 22,500 లోటు కాస్తా 1,77,500 మిగులుగా మారిపోతుంది. చిన్న సొసైటీల లెక్కల్లో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే అని నా అభిప్రాయం. లేని మిగులు చూసుకుని మెయింటెనెన్స్ తగ్గిస్తారు, రెండేళ్లకు కరెంటు బిల్లు కట్టడానికి మరమ్మతుల నిధిని ముట్టుకుంటారు.

ఆ నిధి డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది కదా, దాని వడ్డీ సంగతేమిటి? డిపాజిట్ వేసి ఆరు నెలలైంది, వడ్డీ 6 శాతం అనుకుంటే 6,000 రూపాయలు వచ్చినట్టే, చేతికి మాత్రం ఇంకా రాలేదు. నిధికి విడిగా పెట్టుబడి ఉన్నప్పుడు దాని మీద వడ్డీని నిధికే కలపడం మామూలు పద్ధతి. సొసైటీ నియమావళిలో వేరేలా ఉంటే దాన్నే పాటించాలి. ఇక్కడ నిధికే కలిపాం కాబట్టి ఈ 6,000 ఆదాయంలోకి రాదు. పొదుపు ఖాతా మీద వచ్చిన 6,000 మాత్రం మామూలు ఆదాయమే.

## రెండో అడుగు: ఏ ఏడాదిది ఆ ఏడాదికి సర్దడం

అసలు పని ఇది. ఒక్కో పద్దునూ తీసుకుని, చేతులు మారిన సొమ్ములోంచి ఈ ఏడాదికి చెందనిది తీసేయాలి, ఈ ఏడాదికి చెందీ ఇంకా చేతులు మారనిది కలపాలి.

మెయింటెనెన్స్‌తో మొదలుపెడదాం. వచ్చింది 6,10,000. అందులో పోయినేడాది బకాయిలు 40,000, వచ్చే ఏడాదికి కొందరు ముందే కట్టినవి 30,000 ఉన్నాయి. ఈ రెండూ తీసేస్తే 5,40,000. ఈ ఏడాది ఇంకా కట్టని బకాయిలు 60,000. కలిపితే 6,00,000.

ఈ అంకెను సరిచూడటానికి తేలికైన దారి ఉంది. ఇరవై ఫ్లాట్లు, నెలకు 2,500 చొప్పున పన్నెండు నెలలు: సరిగ్గా 6,00,000. ఈ రెండు దారుల్లో వచ్చిన అంకెలు కలవకపోతే ముందుకు వెళ్లకండి. తేడా 2,500కో దాని గుణిజానికో సమానమైతే ఏదో ఒక ఫ్లాటు నెలవారీ రసీదు తప్పు ఏడాదిలో పడినట్టే. అలా కాకుండా విడి అంకె వస్తే, ఆలస్య రుసుమో హాలు అద్దో మెయింటెనెన్స్‌లో కలిసిపోయిందేమో చూడాలి.

ఇక్కడో మాట. ఆ 60 వేల బకాయిల్లో వివాదంలో ఉన్న ఫ్లాటు ఏదైనా ఉండి, డబ్బు వస్తుందన్న నమ్మకం లేకపోతే, ఆ మేరకు రాని బాకీల కోసం వ్యయం చూపడం మంచిది. మన ఉదాహరణలో అందరూ ఆలస్యంగానైనా కట్టేవాళ్లే అనుకుందాం.

జీతాలు ఏ నెలవి ఆ తర్వాతి నెలలో ఇస్తున్నారు. అందుకే ఏడాదిలో పన్నెండు సార్లు ఇచ్చినా మొదటిసారి ఇచ్చిన 27,000 పోయినేడాది చివరి నెలది. ఈ ఏడాది జీతం నెలకు 30,000కు పెరిగింది, చివరి నెలది ఇంకా ఇవ్వలేదు. 3,57,000లోంచి 27,000 తీసి 30,000 కలిపితే 3,60,000. నెలకు 30,000 చొప్పున పన్నెండు నెలలు, సరిపోయింది.

కరెంటు కూడా అంతే. కట్టిన 1,08,000లో పోయినేడాది బిల్లు 9,000 తీసి, చివరి నెల వాడకానికి రావలసిన 11,000 కలిపితే 1,10,000. బిల్లు ఇంకా రాలేదు కదా అని వదిలేయకూడదు. మీటరు తిరిగింది ఈ ఏడాదే.

బీమా దీనికి తిరగేసిన లెక్క. ఏడాదిలో పదో నెల మొదటి తేదీన 24,000 ప్రీమియం కట్టారు. అది పన్నెండు నెలలకు. ఈ ఏడాదిలో పడేవి మూడు నెలలు, అంటే 6,000. మిగిలిన 18,000 ముందుగా చెల్లించిన వ్యయం, ప్రస్తుతానికి ఆస్తి. మరి ఈ ఏడాది మొదటి తొమ్మిది నెలలకు బీమా లేదా? ఉంది, పోయినేడాది కట్టిన 22,000 ప్రీమియంలో. అప్పట్లో ముందుగా చెల్లించినట్టు చూపిన 16,500 ఇప్పుడు ఈ ఏడాది ఖర్చు అవుతుంది. మొత్తం 22,500. చాలామంది 18,000 తీసేయడం గుర్తుంచుకుంటారు, 16,500 కలపడం మరిచిపోతారు. అప్పుడు బీమా ఖర్చు 6,000 అని వస్తుంది. పోయినేడాది ఖర్చును పక్కన పెట్టి చూస్తే ఆ తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది.

ఇక లిఫ్ట్. ఏడాది నిర్వహణ ఒప్పందానికి 60,000 కట్టారు. చివరి నెలలో మోటారు చెడిపోతే బాగుచేశారు, 75,000 బిల్లు వచ్చింది, ఇంకా కట్టలేదు. నగదు పుస్తకంలో ఈ 75,000 జాడే లేదు. బాగుచేసింది ఈ ఏడాదే కాబట్టి వ్యయం 1,35,000. కొత్త మోటారు వేసి లిఫ్ట్ ఆయుష్షు పెంచి ఉంటే దాన్ని ఆస్తిగా చూడొచ్చేమో అని ఆలోచించాలి. పాతదాన్ని మామూలుగా నడిచేలా చేశారంటే అది ఖర్చే.

ఇలాంటి బిల్లులను పట్టుకోవాలంటే కొత్త ఏడాది మొదటి రెండు నెలల చెల్లింపులను ఒక్కొక్కటిగా తిరగేయాలి. ఏది పాత ఏడాది పనికి కట్టారో అక్కడ తెలిసిపోతుంది.

## మూడో అడుగు: తరుగుదల

పంపు ఖర్చును ఒకేసారి చూపలేదు కాబట్టి అది పనిచేసే ఏళ్లకు పంచాలి. 80,000 పంపు ఎనిమిదేళ్లు వస్తుందని, ఆ తర్వాత దానికి విలువ ఉండదని అనుకుంటే ఏడాదికి 10,000. ఏడాది మధ్యలో కొన్నారు కాబట్టి ఈసారి 5,000. సొసైటీకి పాత జనరేటర్ ఒకటి ఉంది, దాని పుస్తక విలువ ఏడాది మొదట 1,60,000, ఏటా తరుగుదల 20,000. మొత్తం 25,000. ఈ సొమ్ము ఎవరికీ చెల్లించరు, అయినా అది ఖర్చే.

## ఇప్పుడు ఖాతా రాద్దాం

| | రూ. |
|---|---|
| మెయింటెనెన్స్ | 6,00,000 |
| హాలు అద్దె | 24,000 |
| పొదుపు ఖాతా వడ్డీ | 6,000 |
| మొత్తం ఆదాయం | 6,30,000 |
| జీతాలు | 3,60,000 |
| కరెంటు | 1,10,000 |
| బీమా | 22,500 |
| లిఫ్ట్ | 1,35,000 |
| తరుగుదల | 25,000 |
| మొత్తం వ్యయం | 6,52,500 |
| లోటు | 22,500 |

## సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది

రెండు పరీక్షలున్నాయి. మొదటిది బ్యాలెన్స్ షీట్.

ఏడాది మొదట సొసైటీ ఆస్తులు: నిల్వ 1,20,000, బకాయిలు 40,000, ముందుగా కట్టిన బీమా 16,500, జనరేటర్ 1,60,000. మొత్తం 3,36,500. అప్పులు జీతాలకు 27,000, కరెంటుకు 9,000. తీసేస్తే సాధారణ నిధి 3,00,500. ఈ ఏడాది లోటు తగ్గిస్తే అది 2,78,000 కావాలి.

ఏడాది చివర ఆస్తులు: నిల్వ 1,51,000, బకాయిలు 60,000, ముందుగా కట్టిన బీమా 18,000, జనరేటర్ 1,40,000, పంపు 75,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ 2,00,000, దాని మీద రావలసిన వడ్డీ 6,000. మొత్తం 6,50,000. ఇవ్వాల్సినవి: జీతాలు 30,000, కరెంటు 11,000, లిఫ్ట్ బిల్లు 75,000, ముందుగా వచ్చిన మెయింటెనెన్స్ 30,000, డిపాజిట్ 20,000, వడ్డీతో కలిపి మరమ్మతుల నిధి 2,06,000. మొత్తం 3,72,000. తేడా 2,78,000. కుదిరింది.

రెండో పరీక్ష సభ్యులకు వివరించడానికి ఇంకా బాగా పనికొస్తుంది. లోటు దగ్గర మొదలుపెట్టి నగదు పెరుగుదల దాకా నడిచి వెళ్లడం.

| | రూ. |
|---|---|
| లోటు | −22,500 |
| తరుగుదల (నగదు పోలేదు) | +25,000 |
| కట్టాల్సిన బిల్లులు పెరిగాయి | +80,000 |
| సభ్యుల బకాయిలు పెరిగాయి | −20,000 |
| ముందుగా కట్టిన మెయింటెనెన్స్ | +30,000 |
| ముందుగా కట్టిన బీమా పెరిగింది | −1,500 |
| డిపాజిట్ వచ్చింది | +20,000 |
| మరమ్మతుల నిధి వచ్చింది | +2,00,000 |
| పంపు కొన్నారు | −80,000 |
| ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు | −2,00,000 |
| నగదు పెరుగుదల | +31,000 |

మూడో వరుసలోని 80,000లో లిఫ్ట్ బిల్లు 75,000, జీతాల బాకీ పెరిగింది 3,000, కరెంటుది 2,000. బ్యాంకులో పెరిగిన 31 వేలు ఎక్కడివో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. అవి మిగిలిన డబ్బు కావు, కట్టని బిల్లులూ ఇతరుల డబ్బూ.

ఇంకో అడుగు వేస్తే ముగింపు నిల్వ 1,51,000 కూడా అంత నిబ్బరంగా కనిపించదు. కట్టాల్సిన బిల్లులే 1,16,000. తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్ 20,000. ముందుగా వచ్చిన 30,000కు వచ్చే ఏడాది సేవ చేయాలి. మొత్తం 1,66,000, అంటే నిల్వ కంటే 15,000 ఎక్కువ. బకాయిదారులు కట్టే 60 వేల మీదే కొత్త ఏడాది మొదటి నెలలు నడవాలి. సమావేశంలో మెయింటెనెన్స్ తగ్గించమన్న సభ్యుడికి చూపాల్సింది ఈ లెక్కే.

అలాగని ఈ లోటుకు కంగారుపడి వెంటనే మెయింటెనెన్స్ పెంచేయాల్సిన పని కూడా లేదు. 75 వేల లిఫ్ట్ మరమ్మతు ఏటా వచ్చేది కాదు. అది లేకపోతే 52,500 మిగులు ఉండేది. ఆదాయ-వ్యయాల ఖాతాను చదివేటప్పుడు ఏటా వచ్చే ఖర్చునూ, అరుదుగా వచ్చేదాన్నీ విడదీసి చూడాలి. మరమ్మతుల నిధి నియమాలు అనుమతిస్తే, సభ్యుల తీర్మానంతో ఈ బిల్లును ఆ నిధిలోంచి కట్టే దారి కూడా ఉంటుంది. కానీ అది ముందే అనుకుని చేసే నిర్ణయం కావాలి, లోటును దాచడానికి ఏడాది చివర చేసే సర్దుబాటు కాకూడదు.

## సేవా సంస్థ అయితే ఏం మారుతుంది

పద్ధతి అదే, పద్దులు వేరు. మెయింటెనెన్స్ స్థానంలో విరాళాలు, సభ్యత్వ రుసుములు వస్తాయి. సభ్యత్వ రుసుము బకాయిని ఆదాయంగా చూపేటప్పుడు వెనకాడాలి. సొసైటీ సభ్యుడు ఫ్లాటు వదిలి పోలేడు, సేవా సంస్థ సభ్యుడు మాత్రం రెండేళ్లు కట్టకుండా మెల్లగా తప్పుకుంటాడు. విరాళం ఇస్తానన్న మాటను కూడా, కచ్చితంగా వస్తుందనే ఆధారం లేకపోతే, ఆదాయంగా రాయకపోవడమే మంచిది.

ఫలానా పనికే వాడాలని దాత పెట్టిన షరతు మరమ్మతుల నిధి లాంటిదే. పుస్తకాలు కొనడానికి 1,00,000 వచ్చి ఏడాదిలో 65,000 ఖర్చయితే, మిగిలిన 35,000 సంస్థ మిగులు కాదు. దాన్ని ఆ నిధి పేరుతోనే వచ్చే ఏడాదికి తీసుకెళ్లాలి. వస్తువుల రూపంలో వచ్చిన విరాళాలు నగదు పుస్తకంలో అసలు కనిపించవు. పాత కంప్యూటర్లో మందులో ఇచ్చినవాళ్ల వివరాలు విడి రిజిస్టర్‌లో లేకపోతే అవి లెక్కలోకి రాకుండానే పోతాయి.

మరీ చిన్న సంస్థకు, ఆస్తులూ అప్పులూ లేకుండా ఏడాదిలో వచ్చింది ఏడాదిలోనే ఖర్చయ్యేదానికి, వసూళ్లు-చెల్లింపుల ఖాతాతో పాటు చివరి రోజు ఆస్తులు, బాకీల జాబితా ఒకటి సరిపోవచ్చు. ఏది తప్పనిసరో సంస్థ నమోదైన చట్టం, నియమావళి చెబుతాయి. ఆడిటర్‌ను ఏడాది మొదట్లోనే అడిగేస్తే చివర మళ్లీ రాసుకునే పని తప్పుతుంది.

## కొత్త ఏడాది మొదటి రోజు

ముగింపు జాబితాను అలాగే కొత్త ఏడాది ప్రారంభ జాబితాగా రాసుకోండి: బకాయిలు 60,000, అడ్వాన్స్ 30,000, జీతాల బాకీ 30,000, కరెంటు 11,000, లిఫ్ట్ 75,000, ముందుగా కట్టిన బీమా 18,000. కొత్త ఏడాదిలో లిఫ్ట్ కంపెనీకి 75,000 కట్టినప్పుడు నగదు పుస్తకంలో అది మామూలు చెల్లింపులానే పడుతుంది. ఆ ఓచర్ మీద "పాత ఏడాది బాకీ" అని రాయకపోతే ఏడాది చివర ఎవరో దాన్ని లిఫ్ట్ ఖర్చులో కలిపేస్తారు, ఒకే మరమ్మతు రెండేళ్ల ఖర్చుల్లో రెండుసార్లు పడుతుంది. కోశాధికారి మారే ఏడాదిలో ఇది ఎక్కువగా జరుగుతుంది కాబట్టి, బాధ్యత అప్పగించేటప్పుడు నగదు, చెక్కు పుస్తకంతోపాటు ఈ జాబితా మీద కూడా ఇద్దరి సంతకాలూ ఉండాలి.